బ్రాండు రంగుల ఎంపిక

ఒక సంస్థ తన లోగో, ప్యాకెట్లు, దుకాణం బోర్డు, రసీదు, వెబ్‌సైట్, యాప్ అన్నింటిమీదా ఒకే తీరుగా వాడే కొద్దిపాటి రంగులను బ్రాండు రంగులు అంటారు. వీటిలో ఒకటి ప్రధాన రంగు. దానికి తోడుగా అక్షరాలకు ఒకటి, నేపథ్యానికి ఒకటి, హెచ్చరికలకూ బటన్లకూ మరొకటి రెండు ఉంటాయి. చిన్న వ్యాపారాల్లో ఈ ఎంపిక చాలావరకు యజమాని ఇష్టం మీద, లేదా డిజైనరు చూపించిన మూడు నమూనాల్లో కంటికి నచ్చినదాని మీద జరిగిపోతుంది. ఇష్టాన్ని పక్కన పెట్టి నాలుగు విషయాలు చూసుకుని ఎంచే పద్ధతి ఈ వ్యాసానికి విషయం. ఆ రంగు కొనేవారికి దేన్ని గుర్తుచేస్తుంది, దానిమీద అక్షరం చదవగలరా, చూపులో తేడా ఉన్నవారికి సమాచారం అందుతుందా, ఆ ప్రాంతంలో ఆ రంగుకు ఇప్పటికే ఏ అర్థం ఉంది అన్నవి ఆ నాలుగు.

పద్ధతి మాటల్లో చెబితే తేలికగానే ఉంటుంది, చిక్కులు అమలులో బయటపడతాయి. అందుకని వ్యాసమంతటా ఒకే ఊహాత్మక ఉదాహరణను తీసుకుందాం. గుంటూరు ప్రాంతంలో పచ్చళ్లు, పొడులు చేసి సీసాల్లోనూ ప్యాకెట్లలోనూ అమ్మే ఒక చిన్న సంస్థ. యజమానికి పసుపు రంగంటే ఇష్టం. పసుపు నేపథ్యం మీద తెల్ల అక్షరాలతో పేరు, కారం ఎక్కువున్న రకాలకు ఎర్ర మూత, తక్కువున్న రకాలకు ఆకుపచ్చ మూత పెట్టాలన్నది ఆయన ఆలోచన. తెరమీద ఈ నమూనా చక్కగానే కనిపిస్తుంది.

ఇష్టం ఎక్కడినుంచి వస్తుంది

ఇష్టాన్ని ఆధారం చేసుకోవద్దనడానికి బలమైన కారణం ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ కేంద్రంలో స్టీఫెన్ పామర్, కరెన్ ష్లాస్ 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మనుషులకు ఒక రంగు నచ్చడం, ఆ రంగులో ఉండే వస్తువులు వారికి ఎంత నచ్చుతాయన్న దానిమీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. నీలం అనగానే తేట నీరు, నిర్మలమైన ఆకాశం తలపుకొస్తాయి కాబట్టి నీలం నచ్చుతుంది. కుళ్లిన పదార్థాలు గుర్తొచ్చే ముదురు ఆకుపచ్చ పసుపు కలిసిన ఛాయ చాలామందికి నచ్చదు. మరుసటి ఏడాది ఇదే బృందం బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను పోల్చి చూసింది. రెండు వర్గాలకూ తమ విశ్వవిద్యాలయం రంగులే ఎక్కువ నచ్చాయి. తమ సంస్థ మీద అభిమానం ఎంత ఎక్కువైతే ఆ మొగ్గూ అంత ఎక్కువగా ఉంది.

దీన్నిబట్టి యజమాని ఇష్టం ఆయన జీవితానుభవానికి గుర్తు. ఆ అనుభవం కొనేవారిది కూడా అయితే ఇష్టం పనికొస్తుంది, కాకపోతే దారి తప్పిస్తుంది. మన ఉదాహరణలో యజమాని పసుపును ఇష్టపడటం వెనక ఇంట్లో పచ్చడి కలిపేటప్పుడు చూసిన పసుపు, గడపకు రాసిన పసుపు ఉండవచ్చు. కోస్తా జిల్లాల్లో కొనేవారికి కూడా అవే గుర్తొస్తాయి. కాబట్టి ఆయన ఇష్టాన్ని కొట్టిపారేయాల్సిన పని లేదు. దాన్ని పరీక్షకు నిలపాలి.

అర్థం: రంగుకు కాదు, రంగూ వస్తువూ కలిసిన జంటకు

ఎరుపు ఉత్సాహం, నీలం నమ్మకం, ఆకుపచ్చ ప్రకృతి అని చెప్పే పట్టికలు డిజైన్ పాఠాల్లో విరివిగా దొరుకుతాయి. వాటిని నమ్మి నిర్ణయం తీసుకోవడం సరికాదని నా అభిప్రాయం. అవి వస్తువును లెక్కలోకి తీసుకోవు. పాల్ బాటమ్లీ, జాన్ డాయిల్ 2006లో చేసిన అధ్యయనం రంగు తగినదా కాదా అన్నది వస్తువుతో ముడిపెట్టి చూసింది. పని జరగడం కోసం కొనే వస్తువులకు నీలం, అనుభూతి కోసం కొనేవాటికి ఎరుపు తగినట్టుగా జనం భావించారు. అంటే ఒకే నీలం ఒక వస్తువు మీద నప్పుతుంది, మరోదానిమీద నప్పదు. నీలం మందుల డబ్బాకు భరోసా ఇస్తుంది. అదే నీలం పచ్చడి సీసా నిండా పరిస్తే లోపలి నూనె, మిరప, ఆవపిండి రంగులతో ఏ సంబంధమూ కనిపించదు.

అర్థాన్ని తెలుసుకోవడానికి మార్గం అడగడమే, అయితే ప్రశ్న సరిగా ఉండాలి. "ఈ రంగు మీకు నచ్చిందా?" అని అడిగితే మళ్లీ ఇష్టమే జవాబుగా వస్తుంది. సీసా నమూనా చేతికిచ్చి, "ఇందులో ఏముందనుకుంటున్నారు? ఎంత ధర ఉంటుందనుకుంటున్నారు? ఎవరింటికి తీసుకెళ్తారు?" అని అడగాలి. జవాబులను ముందే ఇచ్చి ఎంచుకోమనకూడదు, వారి మాటల్లోనే రాసుకోవాలి. పేరు, బొమ్మ, సీసా ఆకారం మార్చకుండా రంగు ఒక్కటే మార్చిన నమూనాలు ఉండాలి. ఒక మనిషికి ఒక నమూనా మాత్రమే చూపాలి. రెండూ పక్కపక్కన పెడితే ఎదుటివారు పోల్చి అందం గురించి మాట్లాడతారు, అర్థం గురించి చెప్పరు. పసుపు సీసా చూసినవారిలో ఎక్కువమంది "మామిడికాయ", "ఆవకాయ", "ఇంట్లో చేసింది" అంటూ ఉంటే రంగు తన పని చేస్తున్నట్టే. "మందు", "ఫినాయిల్" వంటి మాటలు వస్తే ఛాయ మార్చాలి. నిమ్మపండు వైపు మొగ్గిన పసుపు గిన్నెలు తోమే సబ్బును గుర్తుచేయవచ్చు. కాస్త నారింజ వైపు మొగ్గిన పసుపు వంటింటికి దగ్గరగా ఉంటుంది.

పోటీదారుల అలమర కూడా అర్థంలో భాగమే. కిరాణా కొట్లో పచ్చళ్ల వరుసను ఫోన్‌తో ఫొటో తీసి, అందులో తమ నమూనాను అతికించి చూస్తే చాలు. వరుసంతా ఎర్రగా ఉంటే పసుపు తేలుతుంది, అప్పటికే నాలుగు పసుపులు ఉంటే కలిసిపోతుంది. ఇక్కడ చట్టం కూడా ప్రవేశిస్తుంది. మన ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999, మార్కు నిర్వచనంలో రంగుల కలయికను చేర్చింది. ఎరుపు తెలుపు కలయికలో ఉన్న పళ్లపొడి డబ్బా విషయంలో కోల్గేట్ పామోలివ్, యాంకర్ సంస్థల మధ్య నడిచిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2003లో కోల్గేట్‌కు అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పేర్లు వేరైనా డబ్బా మొత్తం రూపం కొనేవారిని పొరబడేలా చేయగలదన్నది అందులోని ఆలోచన. కాబట్టి బాగా అమ్ముడుపోయే బ్రాండు రంగుల జంటను, అదే నిష్పత్తిలో, అదే వస్తువు మీద వాడటం ముందుముందు తలనొప్పి తెస్తుంది.

వెలుగు తేడా: లెక్క కట్టే విధానం

ఇష్టం మీద ఎంచిన రంగులు ఎక్కువగా విఫలమయ్యేది ఇక్కడే. అక్షరం చదవగలగడం, దాని రంగుకూ నేపథ్యం రంగుకూ మధ్య వెలుగులో ఉన్న తేడామీద ఆధారపడుతుంది. దీనినే కాంట్రాస్ట్ అంటారు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రచురించిన యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు, అంటే WCAG, 2008 నాటి 2.0 రూపంలో దీనికొక లెక్క పెట్టాయి. ముందు ఒక్కొక్క రంగు ఎంత వెలుగునిస్తుందో 0 నుంచి 1 వరకు కొలుస్తారు. నలుపు 0, తెలుపు 1. ఆ తర్వాత రెండింటి నిష్పత్తి తీస్తారు.

```
L = 0.2126 R + 0.7152 G + 0.0722 B
నిష్పత్తి = (L1 + 0.05) / (L2 + 0.05)
```

ఇందులో L1 అంటే వెలుగు ఎక్కువున్న రంగు, L2 అంటే తక్కువున్నది. R, G, B అన్నవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు. తెరమీది సంకేతంలో ఉండే అంకెలను నేరుగా వేయకుండా, వాటిని అసలు వెలుగు పాళ్లలోకి మార్చాకే ఇక్కడ వాడాలి. ఉచితంగా దొరికే ఏ కాంట్రాస్ట్ లెక్కించే సాధనమైనా ఈ పని చేసిపెడుతుంది. ఆకుపచ్చకు 0.7152 అనే పెద్ద వాటా ఎందుకంటే, మనిషి కన్ను ఆకుపచ్చ వెలుగునే ఎక్కువ ప్రకాశంగా గ్రహిస్తుంది. నీలం వాటా చాలా తక్కువ. పసుపులో ఎరుపు, ఆకుపచ్చ రెండూ దండిగా ఉంటాయి కాబట్టి అది సహజంగానే తెలుపుకు దగ్గరి వెలుగున్న రంగు.

నిష్పత్తి 1 అయితే తేడా అసలు లేనట్టు, నలుపు తెలుపుల మధ్య అది 21. మామూలు పరిమాణంలో ఉన్న అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు కనీసం 3 ఉండాలని మార్గదర్శకాల్లోని ఏఏ స్థాయి చెబుతుంది. పెద్ద అక్షరాలంటే 18 పాయింట్లు, లేదా బొద్దుగా ఉంటే 14 పాయింట్లు, ఆపైన. 2018లో వచ్చిన 2.1 రూపం బటన్ల అంచులకు, అర్థాన్నిచ్చే బొమ్మలకు కూడా 3 ఉండాలని చేర్చింది. ఈ 4.5 వెనక ఒక వయసు ఉంది. సుమారు 80 ఏళ్ల వారిలో సాధారణంగా కనిపించే చూపు తగ్గుదలను లెక్కలోకి తీసుకుని ఆ అంకెను నిర్ణయించారు.

ఇప్పుడు మన సీసాకు వద్దాం. యజమాని ఎంచిన పసుపు #F2B705 అనుకుందాం. దాని వెలుగు సుమారు 0.53. దానిమీద తెల్ల అక్షరం పెడితే నిష్పత్తి 1.05ను 0.58తో భాగించినట్టు, అంటే 1.8. పెద్ద అక్షరాలకు కావలసిన 3కు కూడా ఎంతో దూరం. తెరను దగ్గరగా పెట్టుకుని చూసే డిజైనరుకు తెల్లపేరు కనిపిస్తూనే ఉంటుంది. అలమర ముందు మూడడుగుల దూరంలో నిలబడిన పెద్దావిడకు పసుపు మీద ఏదో తెల్లగా మెరుస్తున్నట్టు మాత్రమే తోస్తుంది. వయసు పెరిగే కొద్దీ కంటి కటకం పసుపు బారుతుంది కాబట్టి లేత పసుపుకూ తెలుపుకూ తేడా పట్టడం వృద్ధులకు మరీ కష్టం.

తొందరగా తట్టే ఉపాయం పసుపును ముదురు చేయడం. తెల్ల అక్షరానికి 4.5 దాటాలంటే పసుపు వెలుగు 0.18కి దిగాలి. ఉదాహరణకు #8F6A00 తీసుకుంటే నిష్పత్తి దాదాపు 5 వస్తుంది. కానీ ఆ రంగును ఎవరూ పసుపు అనరు, అది గోధుమ రంగు. నీలాన్నో ఎరుపునో ముదురు చేస్తే ముదురు నీలం, ముదురు ఎరుపు అవుతాయి. పసుపు మాత్రం తన గుణాన్నే పోగొట్టుకుంటుంది. అందువల్ల ఇక్కడ మార్చాల్సింది అక్షరం. కారపు మెరూన్ #5A1A12 తీసుకుంటే పసుపు మీద 7.3 వస్తుంది. అదే మెరూన్‌ను నేపథ్యంగా వాడి తెల్ల అక్షరాలు పెడితే 13 దాటుతుంది. మిరప ఎరుపు #B3261E మాత్రం పసుపు మీద 3.6 దగ్గరే ఆగుతుంది. మార్గదర్శకాల ప్రకారం పెద్ద పేరుకు అది సరిపోతుంది, పదార్థాల జాబితాకు పనికిరాదు.

పసుపు మీద ముదురు అక్షరం అనే పరిష్కారానికి పాత ఉదాహరణే ఉంది. అమెరికాలో 1939లో ఫ్రాంక్ సిర్ ఆధ్వర్యంలో న్యూయార్క్‌లోని టీచర్స్ కాలేజీలో జరిగిన సమావేశం బడి బస్సులకు పసుపు రంగును, దానిమీద నల్ల అక్షరాలను నిర్ణయించింది. తెల్లవారుజాము మసక వెలుతురులో అవి సులభంగా కనబడటమే కారణం. ఆ సమావేశంలో రంగునూ అక్షరాన్నీ కలిపి ఒక జంటగా చూశారన్నది గమనించాలి.

ఈ లెక్కకు పరిమితులున్నాయి. అక్షరం సన్నదనాన్ని అది పట్టించుకోదు. ముదురు రంగుల మధ్య ఉన్న తేడాను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతుంది. నారింజ మీద నలుపు గెలుస్తుందని లెక్క చెప్పినా, తెలుపే తేలిగ్గా చదవగలమనే వారూ ఉంటారు. ఈ లోపాలను సరిదిద్దే కొత్త లెక్కలమీద కృషి జరుగుతోంది. లోగోలో భాగమైన అక్షరాలకు ఈ నియమం నుంచి మినహాయింపు కూడా ఉంది. కొత్తగా మొదలయ్యే బ్రాండు ఆ మినహాయింపును వాడుకోకూడదని నా గట్టి అభిప్రాయం. జనం అప్పటికే గుర్తుపట్టే లోగోకు చదవకపోయినా నడుస్తుంది. కొత్త పేరును మొదట చదవాలి కదా.

తెలుగు అక్షరాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. తలకట్టు, దీర్ఘం, కింద చేరే వత్తులు అన్నీ అసలు అక్షరం కంటే చిన్నవి, సన్నవి. వెలుగు తేడా తగ్గితే ముందుగా కనుమరుగయ్యేవి అవే. "ఉప్పు"లో వత్తు కరిగిపోతే మాటే మారిపోతుంది. అదే పాయింట్ల పరిమాణంలో రోమన్ అక్షరం నిలబడిన చోట తెలుగు వత్తు నిలబడకపోవచ్చు. కాబట్టి పెద్ద అక్షరాలకిచ్చే 3 అనే సడలింపును తెలుగు లేబుళ్లకు తీసుకోకుండా, అన్నిటికీ 4.5నే కనీసంగా పెట్టుకోవడం మేలు.

ఎండ సంగతి కూడా ఉంది. సూత్రంలో కనిపించే 0.05 తెరమీద పడే పరిసరాల వెలుగుకు చేసిన సర్దుబాటు. ఆరుబయట ఎండలో ఫోన్ తెర ప్రతిఫలించే వెలుగు అంతకు చాలా ఎక్కువ. ఆ అదనపు వెలుగు అక్షరానికీ నేపథ్యానికీ సమానంగా కలుస్తుంది. దాన్ని మరో 0.2 అనుకుంటే మన మెరూన్ పసుపుల 7.3 కాస్తా 2.8కి పడిపోతుంది. ఇంట్లో 4.5 దగ్గర అంచున నిలిచిన జంట బజారులో నిలవదు. యాప్‌ను డెలివరీ ఇచ్చేవారు, రోడ్డుపక్క కొట్టువారు వాడతారంటే, ముఖ్యమైన అక్షరాలకు 7 దాటిన జంటనే ఎంచాలి.

చూపులో తేడా: ఎర్ర మూత, ఆకుపచ్చ మూత

ఉత్తర ఐరోపా మూలాలున్న పురుషుల్లో సుమారు 12 మందిలో ఒకరికి ఎరుపు ఆకుపచ్చల మధ్య తేడా పట్టడంలో ఇబ్బంది ఉంటుంది. భారతదేశంలో ఈ వాటా అంతకంటే తక్కువగానే నమోదైనా, వేల సీసాలు అమ్మే సంస్థకు అది చిన్న సంఖ్యేమీ కాదు. ఈ లక్షణానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటంవల్ల పురుషుల్లో ఎక్కువ, స్త్రీలలో చాలా తక్కువ. వీరికి లోకం నలుపు తెలుపుల్లో కనిపిస్తుందన్నది అపోహ. నీలం, పసుపు బాగానే తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు ఒకే రంగు ఛాయల్లాగే తోస్తాయి. ఫేస్‌బుక్ స్థాపకుడు మార్క్ జుకర్‌బర్గ్ తనకు ఇదే లక్షణం ఉందనీ, తనకు బాగా తెలిసే రంగు నీలమేననీ 2010లో చెప్పారు. ఆ సంస్థ నీలం అలా వచ్చింది.

మన సంస్థ ఎర్ర మూత #B3261E, ఆకుపచ్చ మూత #2E7D32. ఈ రెండూ రంగుగా చూస్తే పూర్తి విరుద్ధాలు. వెలుగు లెక్క వేస్తే నిష్పత్తి 1.3 మాత్రమే. రంగు తేడా పట్టలేని కంటికి వెలుగు తేడా అయినా సాయం చేయాలి, ఇక్కడ అదీ లేదు. రెండు మూతలూ ఒకే రకం గోధుమ ఛాయలుగా కనిపిస్తాయి. కారం తక్కువున్నది అనుకుని పసిపిల్లవాడి అన్నంలో ఘాటుది కలిపే ప్రమాదం ఉంది.

ఇదే తప్పును దేశమంతటి స్థాయిలో సరిదిద్దిన సందర్భం మన ఆహార ప్యాకెట్ల మీదే ఉంది. శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ చదరంలో గోధుమ చుక్క అన్నది పాత గుర్తు. రెండిటి ఆకారమూ ఒక్కటే, తేడా రంగులో మాత్రమే ఉండేది. ఆకుపచ్చనూ గోధుమనూ వేరుచేయలేని శాకాహారికి ఆ గుర్తు ఉన్నా లేనట్టే. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 నాటి లేబులింగ్ నిబంధనల్లో మాంసాహార గుర్తును గోధుమ త్రిభుజంగా మార్చింది. శాకాహార గుర్తు చుక్కగానే ఉంది. రంగులు అలాగే ఉన్నాయి, ఆకారం తోడైంది. సమాచారాన్ని రంగు ఒక్కదానితోనే చెప్పకూడదని WCAG పెట్టిన నియమానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన దేశంలో దొరకదు.

పచ్చడి సీసాకు కూడా అదే దారి. మూత మీద ఒకటి, రెండు, మూడు మిరపకాయల బొమ్మలు, పక్కన "కారం తక్కువ", "మధ్యస్థం", "ఘాటు" అన్న మాటలు ఉంటే రంగు ఉన్నా లేకున్నా విషయం అందుతుంది. రంగు కూడా ఉంచాలనుకుంటే లేత నుంచి ముదురుకు వెళ్లే వరుస పెట్టాలి: లేత పసుపు, మిరప ఎరుపు, మెరూన్. వీటిని నలుపు తెలుపు ఫొటోగా మార్చినా మూడు వేర్వేరు మెట్లుగానే ఉంటాయి.

వెబ్‌సైట్లు, యాప్‌ల విషయంలో ఇది సౌజన్యంతో ముగిసే సంగతి కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016, సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలని చెబుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ దీనికోసం ఐఎస్ 17802 అనే ప్రమాణాన్ని తెచ్చింది. బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలకు పని చేసే డిజైనర్లు దీన్ని ముందే చూసుకోవాలి.

సంస్కృతి: ఒకే రంగు, వేర్వేరు సందర్భాలు

"భారతదేశంలో తెలుపు శోకానికి గుర్తు" అని విదేశీ పాఠ్యపుస్తకాలు రాస్తాయి. తెలుగు పెళ్లి చూసినవారెవరూ ఈ మాటతో ఏకీభవించరు. వధూవరులు ధరించే మధుపర్కాలు తెల్లటి నూలు వస్త్రాలే. వాటికి అంచు ఉంటుంది, పసుపు తాకి ఉంటుంది. అంచు లేని తెల్లచీర వేరే కథ చెబుతుంది. అంటే తెలుపుకు విడిగా ఒక అర్థం లేదు, పక్కన ఏముందన్నదే తేలుస్తుంది. మన సంస్థ తెల్ల లేబుల్ వాడాలనుకుంటే భయపడాల్సిందేమీ లేదు. మెరూన్ అంచు ఒకటి వేస్తే చాలు. నలుపు సంగతి వేరు. నగరాల్లో ఖరీదైన వస్తువులకు నల్ల డబ్బా గౌరవాన్నిస్తుంది. కానీ పచ్చళ్లు, పొడులు సారెతో పాటు వెళ్లే వస్తువులు. సారెలో నల్లపెట్టె పెట్టడానికి చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఒప్పుకోరు. కానుక పెట్టెలకు మెరూన్ ఆ ఖరీదైన తీరును అభ్యంతరం లేకుండా ఇస్తుంది.

పసుపుకు శుభం ఒక్కటే అర్థం కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పసుపు తెలుగుదేశం పార్టీ రంగు, గులాబీ భారత రాష్ట్ర సమితి రంగు, నీలం, తెలుపు, ఆకుపచ్చ కలిస్తే వైఎస్సార్ కాంగ్రెస్ జెండా. ఈ ముడి ఎంత గట్టిదో 2020లో పంచాయతీ కార్యాలయాల వివాదం చూపింది. అధికార పార్టీ జెండా రంగులను పోలిన రంగులు ఆ భవనాలకు వేయడం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. గోడమీది రంగునే పార్టీ మాటగా జనం చదువుకునే చోట, పసుపు మీద నిండు ఎరుపు గుర్తు ఉన్న బోర్డును కొందరు కొనుగోలుదారులు జెండాగా చూడవచ్చు. దీనికి పసుపును వదిలేయడం అవసరం లేదు. ఎరుపుకు బదులు మెరూన్, పసుపు పరుపులో కొంత భాగాన్ని పచ్చడి ఫొటోకు లేదా ముడి గోధుమ కాగితానికి ఇవ్వడం సరిపోతుంది. సీసా మీద ఈ చిక్కు తక్కువ, పెద్ద బోర్డు మీద ఎక్కువ. ఎందుకంటే సీసా మీద వస్తువు కనిపిస్తుంది, బోర్డు మీద రంగే ముందు కనిపిస్తుంది.

దేశం దాటితే మళ్లీ వెతుక్కోవాలి. థాయ్‌లాండ్‌లో పసుపు సోమవారపు రంగు, రాజుతో ముడిపడినది. ఈ శతాబ్దం తొలి దశాబ్దంలో అక్కడ పసుపు చొక్కాలవారు, ఎర్ర చొక్కాలవారు రెండు ఎదురు రాజకీయ వర్గాలుగా తలపడ్డారు. స్టాక్ మార్కెట్ యాప్‌లలో మనకు ఎరుపు నష్టం, ఆకుపచ్చ లాభం. చైనాలో ఎరుపు శుభం కాబట్టి అక్కడి తెరలమీద పెరిగిన షేరు ఎర్రగా, తగ్గినది ఆకుపచ్చగా కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగువారికి అమ్మేటప్పుడు వేరే సమస్య ఎదురవుతుంది. అక్కడి భారతీయ కిరాణా కొట్టుకు వచ్చేవారిలో గుజరాతీలు, తమిళులు, పంజాబీలు కూడా ఉంటారు. తెలుగు రాజకీయ రంగులు వారికి తెలియవు, పసుపు మాత్రం అందరి వంటింట్లోనూ ఉంటుంది.

పాత్రలు, అచ్చు, పరీక్ష

ఇన్ని దాటాక మన సంస్థకు మిగిలినవి నాలుగు రంగులు. పసుపు నేపథ్యానికి మాత్రమే, ఎప్పుడూ అక్షరానికి కాదు. మెరూన్ అక్షరాలకు, కానుక పెట్టెలకు. తెలుపు లేబుల్‌కు, మెరూన్ మీద అక్షరాలకు. మిరప ఎరుపు తెల్ల లేబుల్ మీద పెద్ద పేరుకు, యాప్‌లో బటన్‌కు. బటన్ మీద తెల్ల అక్షరం పెడితే 6.5 వస్తుంది. బ్రాండు పత్రంలో రంగుల పట్టిక కంటే ఈ జంటల పట్టిక ముఖ్యం. ఏ అక్షరం ఏ నేపథ్యం మీద, ఏ పరిమాణం వరకు, నిష్పత్తి ఎంత అని రాసి, పసుపు మీద తెలుపు వంటి నిషిద్ధ జంటలను కూడా చూపాలి. అది లేకపోతే ఆరు నెలల తర్వాత పండగ పోస్టరు చేసే కొత్త డిజైనరు సరిగ్గా ఆ జంటనే వాడతాడు.

తెరమీది సంకేతం అచ్చు యంత్రానికి చాలదు. తెర వెలుగును కలుపుతుంది, సిరా వెలుగును మింగుతుంది. అదే పసుపు నునుపు లేబుల్ మీద నిండుగా, ముడి అట్టపెట్టె మీద మట్టి రంగుగా వస్తుంది. పారదర్శక ప్యాకెట్ మీద అడుగున తెల్ల సిరా పూత వేయకపోతే లోపలి నూనె రంగు పసుపులోంచి తొంగిచూస్తుంది. అందుకే పత్రంలో తెర సంకేతంతో పాటు నాలుగు సిరాల పాళ్లు, వీలైతే ప్యాంటోన్ వంటి ముందే కలిపిన సిరా సంఖ్య ఇవ్వాలి. అసలు పదార్థం మీదే నమూనా అచ్చు తీయించి, ట్యూబ్‌లైట్ కిందా పగటి వెలుతురులోనూ చూడాలి. ఎండలో ఉండే ఫ్లెక్సీ బోర్డుల మీద పసుపు, ఎరుపు సిరాలు నీలం, నలుపుల కంటే ముందుగా వెలిసిపోతాయి. ఎర్ర అక్షరం పసుపు బోర్డు మీద మొదటిరోజు 3.6తో మొదలైతే రెండు వేసవుల తర్వాత దానికి ఏమీ మిగలదు. మెరూన్‌లో నలుపు సిరా పాలు ఉంటుంది కాబట్టి అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

పరీక్షలకు పెద్ద ఖర్చు ఉండదు. ఫోన్ సెట్టింగుల్లో తెరను నలుపు తెలుపుకు మార్చి సీసా నమూనాను చూస్తే వెలుగు తేడా లేని జంటలు వెంటనే దొరుకుతాయి. వెబ్‌సైట్‌కైతే క్రోమ్ బ్రౌజరు డెవలపర్ టూల్స్‌లోని Rendering భాగంలో Emulate vision deficiencies అనే ఎంపిక ఉంది. అందులో Deuteranopia, Protanopia ఎంచి, ప్రతి పేజీలో ఏ సమాచారమైనా మాయమైందా అని చూడాలి. ఆ అనుకరణ ఒక అంచనా మాత్రమే. ఎరుపు ఆకుపచ్చల తేడా పట్టలేని ఒకరినీ, 70 దాటిన ఒకరినీ, మసక వెలుతురున్న కొట్లో అలమర ముందు నిలబెట్టి "ఘాటు తక్కువున్న గోంగూర తీసివ్వండి" అని అడగడం అంతకంటే నమ్మదగినది. సీసా చేతికి అందడానికి ఎంతసేపు పట్టింది, తప్పు సీసా ఎత్తారా, కళ్లకు దగ్గరగా తెచ్చుకుని చూశారా అన్నవి రాసుకోవాలి. దగ్గరగా తెచ్చుకుని చూశారంటే అక్షరం పరిమాణమో వెలుగు తేడానో చాలలేదన్నమాట. తప్పు మూత ఎత్తారంటే గుర్తు ఇంకా రంగు మీదే ఆధారపడి ఉందన్నమాట. మొదటిది అక్షరాల జంట మార్చితే తీరుతుంది, రెండోదానికి మూత మీది బొమ్మను పెద్దది చేయాలి.